పాడ్లా, లిక్విడ్డా, పౌడరా: ముందు మీ బోరు నీళ్ల లెక్క చూడండి

పోయినేడు ఎండాకాలంలో కందుకూరులో ఒక రిటైర్డు మాస్టారు ఇంటికి వాషింగ్ మెషిను కంప్లయింట్ మీద పోయా. మెషిను టాప్ లోడు, 7 కేజీలది, కొని రెండేళ్లు కూడా కాలా. ఫోన్లో చెప్పిందేందంటే మెషిను సరిగా ఉతకట్లా, మోటారు పోయినట్టుంది అని. నేను పోయేసరికి మాస్టారు వరండాలో కూర్చోనున్నారు, ఏం మాట్లాడకుండా ఒక తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. అప్పడంలాగా ఉంది. నేలమీద నిలబెడితే నిలబడేట్టుంది. మనవడి స్కూలు ప్యాంటు నల్లది, దానిమీద ముగ్గుపిండి రాసినట్టు చారలు. తెల్లచొక్కాలైతే బూడిద రంగుకి తిరిగినయ్.

మెషిను విప్పి చూసా, మోటారు బానే ఉంది, బెల్టు బానే ఉంది, పల్సేటరు తిరుగుతోంది, నీళ్లు పోతన్నాయి వస్తన్నాయి. మరి ఏం సబ్బు వేస్తన్నారమ్మా అని అమ్మగారిని అడిగితే ఆవిడ అలమర పైనుంచి, కరిగే పొరలో మూటకట్టిన చిక్కటి లిక్విడ్ సబ్బు ముద్దల డబ్బా దించి చూపించింది. పాడ్లు. "మా అమ్మాయి హైదరాబాదు నుంచి పంపిస్తది నాయనా, వాళ్లింట్లో ఒక్కటేస్తే బట్టలు మల్లెపూలేనంట, ఇక్కడేందో రెండేసినా ఇట్టానే ఉంది" అంది.

అదే డబ్బా, అదే పాడ్, అక్కడ మల్లెపూలు ఇక్కడ అప్పడాలు. ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే పౌడరు మంచిదా లిక్విడ్ మంచిదా అనే గొడవ సగం తీరిపోద్ది, ఎందుకంటే ఆ ప్రశ్నకి డబ్బా మీద జవాబు లేదు, మీ ట్యాంకులో ఉంది, ఇంకా మీ మెషిను ఒక్కో ఉతుక్కి ఎన్ని లీటర్లు తాగుద్ది అనేదాంట్లో ఉంది.

నీళ్ల కఠినత్వం అంటే ఏం లేదు, నీళ్లలో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం. మనం సున్నం అంటామే అదే లైన్లో. దాన్ని సున్నపురాయి లెక్కన లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్తారు. 60 లోపలుంటే మెత్తటి నీళ్లు, 180 దాటితే బాగా గట్టి నీళ్లు. మన దేశంలో తాగేనీళ్ల ప్రమాణం 200 వరకు పర్లేదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోమంటుంది. అంటే 500 ఉన్న నీళ్లు తాగడానికి ఆ ప్రమాణం ప్రకారం ఎట్టోకట్టా సర్దుకోవచ్చు గానీ బట్టలుతకడానికి అవి శత్రువులే.

ఈ నంబరు తెలుసుకోవడానికి మన జిల్లాల్లో ఉన్నంత సుఖం ఇంకెక్కడా లేదు, ఎందుకంటే మనకి రొయ్యల గుంటలున్నాయి. సింగరాయకొండ, ఉలవపాడు, కావలి ఎటు పోయినా ఆక్వా ల్యాబులు, ఆక్వా మందుల షాపులు కనపడతాయి. గుంట నీళ్లకి హార్డ్‌నెస్ చూసే టెస్టే ఇంటి నీళ్లకీ చేస్తారు, బాటిల్లో నీళ్లు పట్టుకుపోతే చాలు. లేదా అదే షాపులో చుక్కల కిట్టు దొరుకుద్ది, మందేస్తే నీళ్లు ఎర్రగా తిరుగుతాయి, తర్వాత రెండో బాటిల్లోంచి ఒక్కో చుక్కా వేసుకుంటా పోతే ఒక చుక్క దగ్గర టక్కున నీలం అవుద్ది, ఎన్ని చుక్కలు పట్టిందో దాన్ని బట్టి లెక్క. నేను బ్యాగులో ఆ కిట్టు పెట్టుకుని తిరుగుతా, స్క్రూడ్రైవర్ కన్నా అదే ఎక్కువ పనికొస్తాంది ఈమధ్య.

ఇక్కడ ఒక మాట. చాలామంది ఆన్‌లైన్లో టీడీఎస్ పెన్ను కొని, నీళ్లలో ముంచి, 1800 వచ్చింది సార్ మా నీళ్లు బాగా హార్డు అంటారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి, అది వేరు, హార్డ్‌నెస్ వేరు. మామూలు ఉప్పు కరిగినా పెన్ను అంకె పెరుగుద్ది, కానీ ఉప్పు సబ్బుని అట్టా చంపదు, చంపేది కాల్షియం మెగ్నీషియం. సముద్రం ఒడ్డు ఊళ్లలో పెన్ను 2000 చూపించినా హార్డ్‌నెస్ 300 ఉన్న ఇళ్లు చూసా, లోపల మెట్ట ఊళ్లలో పెన్ను 1100 అన్నా హార్డ్‌నెస్ 600 ఉన్న బోర్లూ చూసా. కిట్టు లేకపోతే ఒక మొరటు టెస్టు ఉంది. అరలీటరు బాటిల్లో సగం నీళ్లు పోసి ఒంటిసబ్బు గోకి మిరియపు గింజంత వేసి గట్టిగా గిలకొట్టండి, ఇంకో బాటిల్లో ఆర్వో నీళ్లతో అట్టానే చేయండి. ఆర్వో దాంట్లో నురగ నిలబడుద్ది. బోరు నీళ్లలో నురగ బదులు విరిగిన పాలలాగా తెట్టె తేలితే సున్నం గట్టిగా ఉన్నట్టే. డిటర్జెంటుతో ఈ టెస్టు చేయబాకండి, అది కొంచెం గట్టి నీళ్లలోనూ నురగొచ్చి మోసం చేస్తది.

మాస్టారింట్లో బోరు నీళ్లు చుక్కలేసి చూస్తే 520 వచ్చింది. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు ఒక బిందెలో పట్టున్నాయి, అవి చూస్తే 140. ఇప్పుడు మెషిను ఎన్ని నీళ్లు తీసుకుంటదో చూడాలి. ఉతికే నీళ్లు నిండగానే మెషిను ఆపి, డ్రెయిన్ పైపు కిందకి దించి బకెట్లలోకి పట్టా. 15 లీటర్ల బకెట్లు 3 నిండినయ్. అంటే 45 లీటర్లు, ఉతుక్కి మాత్రమే, జాడించే నీళ్లు కాదు.

ఇక గుణించడమే. 520 ఇంటూ 45, అంటే 23,400 మిల్లీగ్రాములు, సుమారు 23 గ్రాముల సున్నం. బట్టల మురికి సంగతి దేవుడెరుగు, సబ్బు ముందు ఈ 23 గ్రాముల సున్నంతో కుస్తీ పట్టాలి. పాడ్ మొత్తం బరువే 20, 25 గ్రాములు ఉంటది. అందులో సున్నాన్ని పట్టుకునే సరుకు ఉండేది చాలా కొంచెం. ఇంక అది ఏం గెలుస్తది?

వాళ్లమ్మాయి ఇంట్లో ఫ్రంట్ లోడంట. ఫ్రంట్ లోడు ఉతకడానికి 15 లీటర్లు అటూ ఇటూ తీసుకుంటుంది, బట్టల్ని నీళ్లలో తేలించదు, తడిపి పైనుంచి కింద పడేసి కొట్టుద్ది. అక్కడ కుళాయి నీళ్లు 150 అనుకుందాం. 150 ఇంటూ 15, రెండుంబావు గ్రాములు. ఇక్కడ 23. అదే పాడ్‌కి ఇక్కడ పదింతల పని. మాస్టారు లెక్కల మాస్టారే, కాగితం మీద ఇట్టా వేసి చూపించగానే "అంటే మెషినుని అనవసరంగా తిట్టుకున్నామే" అని నవ్వారు.

ఇది పట్టుకుంటే మిగతాదంతా దీంట్లోంచే వస్తది. నీళ్ల అంకె ఒక్కటే చూస్తే చాలదు, దాన్ని లీటర్లతో గుణించాలి. ఒకే ఇంట్లో అదే బోరు నీళ్లకి ఫ్రంట్ లోడు పెట్టుంటే 520 ఇంటూ 15, ఎనిమిది గ్రాముల లోపే. గట్టి నీళ్లున్నోళ్లకి ఫ్రంట్ లోడు పనికిరాదు అని షాపుల్లో చెప్తుంటారు, హీటరుకి సున్నపు పొలుసు పట్టుద్ది అనే భయంతో, ఆ భయంలో నిజముంది, కానీ సబ్బు వైపు నుంచి చూస్తే ఫ్రంట్ లోడే తక్కువ సున్నంతో కొట్లాడుద్ది.

సరే, ఇప్పుడు మూడింట్లో ఏముందో చూద్దాం.

పౌడరులో మురికి తీసే సరుకుతో పాటు సున్నాన్ని అడ్డుకునే సరుకు చాలా ఉంటది. ముఖ్యంగా రెండు, వాషింగ్ సోడా, జియోలైట్. పనిచేసే తీరు వేరు. సోడా ఏం చేస్తదంటే నీళ్లలో కరిగున్న కాల్షియాన్ని పట్టుకుని సుద్దలాగా విరగ్గొట్టి కింద పడేస్తది. మన పెద్దోళ్లు చౌడుమన్నుతో బట్టలుతికింది ఈ గుణం వల్లే, చౌడులో ఉండేది అదే సోడా. జియోలైట్ అట్టా కాదు, సన్నటి పొడి, కాల్షియాన్ని తనలోకి లాక్కుని బదులుగా సోడియం వదుల్తది, సుద్ద పడనీదు, కడిగినప్పుడు నీళ్లతో పోద్ది. మంచి పౌడర్లలో రెండూ కలుపుతారు. చవక పౌడర్లలో సోడా ఒక్కటే దండిగా ఉంటది, మిగతాది బరువుకోసం ఉప్పో, సోడియం సల్ఫేటో, కొన్నిట్లో ఏకంగా సున్నపురాయి పొడో. సున్నంతో కొట్లాడటానికి సున్నం కొనుక్కొచ్చినట్టు.

అది పట్టుకోవడం కష్టం కాదు. గ్లాసు ఆర్వో నీళ్లలో చెంచాడు పౌడరేసి కలిపి పక్కన పెట్టండి. మెత్తటి తెల్లబురద మెల్లగా దిగితే కంగారు పడబాకండి, అది జియోలైట్ కావచ్చు. రెండు నిమిషాల్లో ఇసుకలాగా అడుక్కి దిగి, వేళ్ల మధ్య గరగరలాడితే అనుమానించాలి. పైనీళ్లు వంచేసి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, మిగిలిన మడ్డిమీద వెనిగర్ పోయండి. బుడగలొస్తే రాతిపొడే. కడగకుండా పోస్తే మాత్రం సోడా కూడా బుడగలొస్తది, అప్పుడు మంచి పౌడరుని కూడా తిట్టుకుంటారు.

లిక్విడ్లో మురికి, నూనె వదిలించే సరుకు ఎక్కువ, ఎంజైములు ఉంటాయి, కానీ నీళ్లలో కరిగే రూపంలో ఉండాలి కాబట్టి సోడా, జియోలైట్ అంతంత పట్టవు. సున్నాన్ని ఆపడానికి కొంచెం సిట్రేటు, అంతే. అందుకని గట్టి నీళ్లలో లిక్విడ్ పోస్తే దాని సొంత సరుకే కాల్షియంతో అతుక్కుని చచ్చిపోద్ది, నురగ రాదు, నురగ రాలేదని ఇంకో మూత పోస్తారు, నెలకి సరిపోవాల్సిన డబ్బా పది రోజులకి అయిపోద్ది. పాడ్ అంటే అదే లిక్విడ్, నీళ్లు తీసేసి చిక్కగా చేసి కరిగే ప్లాస్టిక్ పొరలో మూటకట్టినట్టు. లిక్విడ్‌కి ఉన్న బలహీనత దీనికీ ఉంది, పైగా ఎక్కువ తక్కువ చేసుకునే వీల్లేదు. ఒకటి చాలదు, రెండేస్తే ఖర్చు, ఒకటిన్నర లేదు.

ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మంచి పౌడర్లలో ఆక్సిజన్ బ్లీచు ఉంటది, టీ మరక, పసుపు మరక, చెమట వాసన మీద పనిచేసేది అదే. నీళ్లగా ఉన్న లిక్విడ్లో అది నిలవుండదు కాబట్టి కలపరు. కాబట్టి ఏళ్ల తరబడి లిక్విడ్ మాత్రమే, అదీ చల్లనీళ్లతో మాత్రమే వాడే ఫ్రంట్ లోడు తలుపు రబ్బరు మడత విప్పి చూడండి, నల్లటి బూజు, మురుగు వాసన. నెలకోసారి ఖాళీ డ్రమ్ములో అట్టాంటి పౌడరేసి 60 డిగ్రీల మీద తిప్పితే ఆ బాధ ఉండదు.

అట్టాగని లిక్విడ్‌ని తీసిపారేయబళ్లా. నీళ్లు మెత్తగా ఉన్నచోట, నెల్లూరు టౌన్లో కుళాయి నీళ్లే ట్యాంకుకి ఎక్కించుకునే ఇళ్లలో, ఫ్రంట్ లోడుకి నేను లిక్విడే చెప్తా. కాలరు జిడ్డు, సింథటిక్ చీరలు, నల్లబట్టలు దాంతో బాగొస్తాయి, చారలు పడవు. పట్టు, ఉన్ని బట్టలకైతే సోడా ఉన్న పౌడరు ముట్టించనే కూడదు, వాటికి తగ్గ మెత్తటి లిక్విడే. ఇంకోటి, మన ఇళ్లలో ట్యాంకు మెషినుకి ఒక అంతస్తు పైనే ఉంటది, కుళాయిలో ఒత్తిడి ఉండదు, నీళ్లు సన్నగా వస్తే ఫ్రంట్ లోడు సొరుగులో పోసిన పౌడరు కొట్టుకుపోక గడ్డకట్టి అక్కడే ఉండిపోద్ది. అట్టాంటి ఇంట్లో పౌడరు వాడాలంటే సొరుగులో కాకుండా డ్రమ్ము అడుగున వేసి పైన బట్టలెయ్యాలి, లేదంటే లిక్విడ్. ఇన్‌లెట్ పైపు మెషినుకి బిగించేచోట లోపల చిన్న జాలీ ఉంటది, ముందు అది తీసి కడగండి, సగం ఇళ్లలో దానికి ఇసుక పట్టుండటమే రోగం.

పాడ్లతో వచ్చే కంప్లయింట్లు ఎక్కువగా పొర కరక్కపోవడం మీదే. బట్టలన్నీ కుక్కేసి పైన పాడ్ పెట్టి 15 నిమిషాల క్విక్ వాష్ తిప్పితే అది ఏ చొక్కా మడతలోనో ఇరుక్కుని జెల్లీ ముద్దలాగా అతుక్కుపోద్ది. పాడ్ ఖాళీ డ్రమ్ములో ముందు వేయాలి, తర్వాత బట్టలు, సొరుగులో ఎప్పుడూ పెట్టకూడదు. తడి చేత్తో డబ్బాలో చెయ్యి పెట్టకూడదు, మూత సరిగా బిగించకపోతే మన కోస్తా ఉక్కకి నాలుగు పాడ్లు కలిసి ఒకే ముద్దయిపోతయ్. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు అందనీయకూడదు, రంగురంగులుగా చాక్లెట్లలాగా ఉంటయ్, కొరికారంటే గొంతులోకి, కళ్లలోకి చిక్కటి మందు పోయి ఆస్పత్రి పాలవుతారు. సెమీ ఆటోమేటిక్‌లో పాడ్ దండగ, ఒక టబ్బు నీళ్లలోనే రెండు మూడు విడతలు ఉతుకుతాం, మొదటి విడతకే దాని పని అయిపోద్ది. ఎండాకాలంలో మాత్రం కరగదనే మాట వినపడదులెండి, మే నెల మధ్యాహ్నం ఒంగోల్లో మిద్దెమీద ట్యాంకు నీళ్లు ఒళ్లు కాలేట్టు వస్తన్నప్పుడు హీటరు ఎందుకు, పౌడరైనా పాడైనా నిమిషంలో కరిగిపోద్ది. చలికాలం పొద్దున్నే వస్తాయి ఈ ఫోన్లన్నీ.

మాస్టారి మనవడి నల్లప్యాంటు మీద చారలు దేనివో ముందు తేల్చుకోవాలి. గోరువెచ్చటి నీళ్లతో తుడిస్తే పోతే అది కరగని పౌడరు. జారుడుగా, బంకగా ఉంటే పాడ్ పొర లేదా సబ్బు తెట్టె. నీళ్లకి పోకుండా వెనిగర్ చుక్క వేస్తే సన్నగా బుసబుసమని పోతే అది సుద్ద. ఆ ప్యాంటు మీదది బుసబుసమంది. పాడ్లకి ముందు ఏం వాడేవాళ్లమ్మా అంటే, సంతలో దొరికే లూజు పౌడరంట. తువ్వాల్లో ఆ సుద్ద పొరలు పొరలుగా పేరుకుపోయింది, పాడ్లకి మార్చాక మురికి పోవడమూ మానేసింది. రెండు రోగాలు ఒకదానిమీద ఒకటి.

సోడా లెక్క కూడా చెప్తా, ఎందుకంటే యూట్యూబు చూసి గుప్పెడు గుప్పెడు పోస్తన్నారు. 23 గ్రాముల సున్నం విరగ్గొట్టడానికి పొడి వాషింగ్ సోడా 25 గ్రాములు చాలు. గాజుపలుకుల్లాగా పెద్దపెద్ద స్ఫటికాలుగా దొరికే సోడా అయితే 65, 70 గ్రాములు, దాంట్లో సగం పైన నీళ్ల బరువే. వంటసోడా దీనికి పనికిరాదు, రెండూ ఒకటి కాదు. కానీ మెషిన్లోనే సోడా వేస్తే విరిగిన సుద్ద ఎక్కడికి పోద్ది? బట్టలమీదకే, టబ్బు వెనక గోడమీదకే. సోడా పద్ధతి బాగా కుదిరేది సెమీ ఆటోమేటిక్‌కి, లేదంటే చేత్తో ఉతికేవాళ్లకి. రాత్రి డ్రమ్ములో 45 లీటర్లు పట్టి, సోడా కలిపి వదిలేస్తే తెల్లారేసరికి నీళ్లు తేటపడి అడుగున తెల్లటి మడ్డి దిగుద్ది, మడ్డి కదలకుండా పై ముప్పాతిక నీళ్లు ముంచుకుని టబ్బులో పోసుకుంటే మామూలు పౌడరే బ్రహ్మాండంగా పనిచేస్తది. దీనికీ ఒక హద్దుంది, సోడా కాల్షియాన్ని బాగా దించుద్ది గానీ మెగ్నీషియాన్ని అంతగా దించదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో బోరుకి సముద్రపు నీళ్లు కలిస్తే మెగ్నీషియం వాటా పెరుగుద్ది, అక్కడ తేటనీళ్లు కూడా ఎంతోకొంత గట్టిగానే ఉంటయ్.

మాస్టారింట్లో అంతదూరం పోనక్కర్లేకపోయింది. వాళ్లకి కుళాయి నీళ్లు వస్తాయి, రోజూ కాదు, మెషిను మొత్తానికి సరిపడా కూడా రావు. కానీ ఉతుక్కి కావాల్సింది మూడు బకెట్లే గదా. సబ్బు పనిచేసేది ఆ నీళ్లలోనే, జాడించేది బోరు నీళ్లతో జాడించినా వచ్చే నష్టం చిన్నది. పిండిన తర్వాత బట్టల్లో మిగిలే తడి రెండు మూడు లీటర్లున్నా దాంట్లో ఉండే సున్నం ఒకటి, ఒకటిన్నర గ్రాములే, ఉతుకులో 23 గ్రాములతో పోలిస్తే ఏపాటిది.

చేసిన పని ఇది. బట్టలేసి స్టార్ట్ నొక్కమన్నా, మెషిను బరువు చూసుకుని నీళ్ల లెవెల్ చూపించగానే పాజ్ నొక్కి, మూత తీసి మూడు బకెట్ల కుళాయి నీళ్లు పోసి మళ్లీ స్టార్ట్. టాప్ లోడులో నీళ్ల మట్టాన్ని ఒత్తిడితో చూసే స్విచ్చు ఉంటది, నిండింది అనుకోగానే ఇంక బోరు నీళ్లు తీసుకోదు, ఒక గ్లాసు అటూ ఇటూ. 140 ఇంటూ 45, ఆరు గ్రాముల సున్నం. పాడ్‌కి అది కూడా కొంచెం బరువేగానీ మంచి పౌడరుకి లెక్కే కాదు. పాడ్లు అమ్మాయికే తిరిగి పంపేయమని, టాప్ లోడ్ పౌడర్లో ఒకటి చెప్పా. పాత సుద్ద పోవడానికి తువ్వాళ్లు బకెట్ నీళ్లలో రెండు చెంచాలు నిమ్మఉప్పు కరిగించి గంట నానబెట్టి తర్వాత ఉతకమన్నా, అంతకుముందు గానీ అందులో గానీ బ్లీచింగ్ నీళ్లు మాత్రం కలపొద్దు, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తది. మొదటి తడవకే తువ్వాలు వంగింది. బూడిద రంగు చొక్కాలు నాలుగు ఉతుకులకి కొంచెం తేరుకున్నయ్, పూర్తిగా తెల్లబడలా, పోగులోకి దిగిన మురికి అంత తేలిగ్గా రాదు.

కుళాయి నీళ్లు అసలే రాని ఇంటికి నేనేం చెప్తానంటే, టాప్ లోడుంటే జియోలైట్ ఉన్న మంచి పౌడరు, మామూలు కన్నా ఎక్కువ మోతాదు, బట్టలు నిండుగా వేసి ఉతకడం. సగం లోడుకి కూడా ఫుల్ లెవెల్ పెట్టుకుంటే బట్టలు సగం, సున్నం మాత్రం మొత్తం. ఫ్రంట్ లోడైతే పౌడరు, ఒత్తిడి లేకపోతే లిక్విడ్ కొంచెం పెంచి, మూడు నెలలకోసారి వంద గ్రాముల నిమ్మఉప్పుతో ఖాళీగా 60 డిగ్రీల మీద ఒక తిప్పు, హీటరు మీద పొలుసు రాలిపోద్ది. పైపుకి అయస్కాంతం బిగిస్తే సున్నం పోద్దని అమ్ముతుంటారు, డబ్బులు దాచుకోండి. ఉప్పేసి రీఛార్జి చేసే సాఫ్ట్‌నర్ మాత్రం నిజంగా పనిచేస్తది, ఖర్చు తట్టుకోగలిగితే.

ఫ్రంట్ లోడు వాళ్లకి ఇంకో చిక్కు. గట్టి నీళ్లలో నురగ రాదు కాబట్టి బకెట్లో వాడే మామూలు పౌడరు ఫ్రంట్ లోడులో వేసినా ఏం కాదు అని నెలలపాటు అనుకుంటారు. ఒకరోజు కుళాయి నీళ్లొచ్చి ట్యాంకు నిండుద్ది, అదే పౌడరు, అదే కొలత, నురగ తలుపు అద్దమంతా కమ్మేసి సొరుగులోంచి బయటకొస్తది, కొన్ని మెషిన్లలో స్క్రీన్ మీద `SUd` అని పడుద్ది, ఇంక మెషిను గంటసేపు జాడిస్తానే ఉంటది. మెషిను పాడైందని ఫోను. ట్యాంకులో బోరు, కుళాయి కలిపి ఎక్కించే ఇళ్లలో రోజురోజుకీ అంకె మారుద్ది, అక్కడ తక్కువ నురగ పౌడరే వాడి, కుళాయి నీళ్లొచ్చిన రోజు కొలత సగానికి దించడం తప్ప వేరే దారి లేదు.

మాస్టారు రెండు నెలల తర్వాత మళ్లీ ఫోను చేశారు. "మళ్లీ అప్పడాలేనయ్యా." పోయి చూస్తే పౌడరు సరైందే, బకెట్లు మూడూ సరిగానే పోస్తన్నారు. చుక్కల కిట్టు తీసి ఆ బకెట్లో నీళ్లు చూస్తే 780. బోరు కన్నా ఎక్కువ! ఇది యాడ నీళ్లమ్మా అంటే అమ్మగారు వంటింట్లో ఆర్వో మెషిను వెనక పైపు చూపించింది. "కుళాయి రాని రోజు అన్ని నీళ్లు వృథాగా పోతన్నాయి గదా నాయనా, ఆర్వో నీళ్లే గదా అని పట్టి పెడతన్నా." వాళ్ల ఆర్వోకి వచ్చేది బోరు నీళ్లే. ఒక బిందె తాగేనీళ్లు తీస్తే రెండు బిందెలు బయటకి వదుల్తది, మూడు బిందెల సున్నం ఆ రెండు బిందెల్లోకే చేరుద్ది, 520 కాస్తా 780 అవుద్ది. మాస్టారు వెనక నిలబడి లెక్క కట్టుకున్నారు వేళ్లమీద, "సరిగ్గా ఒకటిన్నర రెట్లు" అన్నారు. ఆ నీళ్లిప్పుడు వరండా కడగడానికి వాడుతున్నారు.